క్లాసు రికార్డింగులు కనిపించకపోతే కోర్సు వాళ్లకు లేఖ ఎలా రాయాలి

ఆగస్టులో ఒక రాత్రి మా పై పోర్షన్ అమ్మాయి ఫోన్ పట్టుకుని కిందికి దిగివచ్చింది. "ఏందక్కా ఇది, పన్నెండు వేలు కట్టినా. పోయిన క్లాసులు చూసుకుందామంటే కనబడవు. మెయిల్ పెడితే యాప్ తీసేసి మళ్లా వేసుకోమంటా ఉండారు" అంది. పగలంతా గాంధీరోడ్డులో ఓ బట్టల షాపులో బిల్లింగ్ పని. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఆన్‌లైన్‌లో ట్యాలీ, జీఎస్టీ కోర్సు. తిరుపతిలో ఇలా పని చేసుకుంటూ చదివేవాళ్లకు రికార్డింగే సగం కోర్సు. షాపులో రద్దీ ఉన్న రోజు క్లాసు సగంలోకి వస్తారు, మిగతాది ఆదివారం చూసుకుంటారు.

ఆ అమ్మాయి పంపిన మెయిల్ చూశాను. "సార్, రికార్డింగ్స్ రావడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ప్లీజ్ హెల్ప్." అంతే. తిరుపతి వచ్చేయకముందు నేను ఓ కోర్సు కంపెనీ సపోర్ట్ డెస్క్‌లో మూడేళ్లు పనిచేశాను. ఇలాంటి మెయిల్‌కి మేం కూడా సరిగ్గా అదే జవాబు ఇచ్చేవాళ్లం. చెడ్డతనం వల్ల కాదు. ఆ మెయిల్‌లో ఏ బ్యాచో లేదు, ఏ క్లాసో లేదు, నొక్కితే ఏం కనిపించిందో లేదు. వెతకడానికి ఏమీ దొరకనప్పుడు తయారుగా పెట్టుకున్న జవాబు అతికించి ఆ ఫిర్యాదు టికెట్ మూసేస్తారు. రోజు చివర ఎన్ని టికెట్లు మూశావన్నదే అక్కడ లెక్క.

కాబట్టి లేఖ రాయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. లేఖకన్నా దానికే ఎక్కువ సమయం పడుతుంది.

ఏ రకంగా కనిపించడం లేదో ముందు తేల్చుకోండి

"రికార్డింగ్ లేదు" అని మనం ఒకే మాట అంటాం. వాళ్ల వైపు నుంచి చూస్తే అది నాలుగైదు వేర్వేరు సమస్యలు. ఒక్కోదాన్ని సరిచేసే మనిషి వేరు, సరిచేసే పద్ధతి వేరు. మీరు ఏది అని చెప్పగలిగితే లేఖ నేరుగా ఆ మనిషి దగ్గరికి పోతుంది.

మొదట చూడాల్సింది మీ వైపు తప్పు. లింకు నొక్కితే `You need access` అని వస్తే ఆ వీడియో గూగుల్ డ్రైవ్‌లో ఉంది, చెక్కుచెదరలేదు. మీరు తెరిచిన మెయిల్ ఐడీకి మాత్రం అనుమతి లేదు. అదే తెరమీద మీరు ఏ ఐడీతో లాగిన్ అయ్యారో కూడా కనిపిస్తుంది. చాలామంది ఫోన్‌లో రెండు మూడు జీమెయిళ్లు ఉంటాయి. ఒకటి సొంతది, ఒకటి కాలేజీది, ఒకటి ఎప్పుడో తమ్ముడి గేముల కోసం తెరిచింది. ఫీజు కట్టినప్పుడు ఏ ఐడీ ఇచ్చారో అదే ఐడీతో తెరవాలి. మా పై పోర్షన్ అమ్మాయి రాసుకున్న కనబడని క్లాసుల జాబితాలో మొదట నాలుగున్నాయి. అందులో ఆగస్టు 5 నాటి 17వ క్లాసుది ఈ గొడవే. ఐడీ మార్చగానే తెరుచుకుంది. ఆ క్లాసును లేఖలోంచి తీసేయించాను. మన తప్పు ఒక్కటి కలిసినా వాళ్లు దాన్నే పట్టుకుని "మీరు వేరే ఐడీ వాడుతున్నారు" అని మొత్తానికి జవాబిచ్చి కూర్చుంటారు.

రెండోది, ఇంకా తయారు కాకపోవడం. జూమ్‌లో క్లౌడ్‌కి రికార్డు చేస్తే క్లాసు అయిపోగానే వీడియో సిద్ధం కాదు. మామూలుగా క్లాసు ఎంతసేపు నడిచిందో దానికి రెట్టింపు సమయం పడుతుంది. గంటన్నర క్లాసుకు మూడు గంటలు అనుకోండి. రద్దీ ఉన్న రోజు ఒక రోజు దాటవచ్చు కూడా. ఆ తరువాత కోర్సు వాళ్ల మనిషి దాన్ని తీసి యాప్‌లో పెట్టాలి. రాత్రి ఎనిమిదిన్నరకు అయిన క్లాసు కోసం పదింటికి ఫిర్యాదు రాయకండి. రెండు పనిదినాలు చూసి రాయండి.

మూడోది, రికార్డు చేసి తరువాత తీసేయడం. ఇదే ముఖ్యమైనది, తొందరపడాల్సిందీ దీనికే. ఇంతకుముందు తెరుచుకున్న జూమ్ లింకు ఇప్పుడు `This recording does not exist` అంటే, లేదా డ్రైవ్ లింకు `Sorry, the file you have requested does not exist` అంటే, ఎవరో తీసేశారనే అనుమానించాలి. జూమ్ క్లౌడ్‌లో తీసేసిన రికార్డింగ్ వెంటనే పోదు. 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. ఆ అకౌంటు నడిపేవాళ్లు ఒక్క బటన్ నొక్కి వెనక్కి తేవచ్చు. గూగుల్ డ్రైవ్‌లోనూ ట్రాష్ గడువు 30 రోజులే. ఆ గడువు దాటిందా, ఇక దొరుకుతుందన్న నమ్మకం లేదు. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు మనసు కలుక్కుమనేవి ఈ టికెట్లే. పిల్లలు మంచి మాటలతోనే రాసేవారు. కానీ నలభై రోజులు వాట్సాప్ గ్రూపులో "ఎవరికైనా వస్తోందా?" అని అడుగుతూ గడిపి అప్పుడు రాసేవారు.

ఎవరో పొరపాటున ఒక క్లాసు తీసేశారా, లేక మెషీనే తీసేస్తోందా అన్నది కూడా గుర్తుపట్టవచ్చు. జూమ్‌లో ఇన్ని రోజులకు రికార్డింగులు వాటంతటవే పోయేలా పెట్టుకునే సెట్టింగ్ ఉంది. అది ఆన్‌లో ఉంటే ఒకటో క్లాసు నుంచి వరసగా, రోజుకొకటి చొప్పున మాయమవుతూ వస్తాయి. అలా జరుగుతుంటే ఒక క్లాసు గురించి కాదు, "మొదటి క్లాసు నుంచి వరసగా పోతున్నాయి, ఆటో డిలీట్ ఆపండి" అని రాయాలి. మధ్యలో ఒక్కటే పోతే అది మనిషి చేసిన పని. మా అమ్మాయి 4వ క్లాసు ఇలాంటిదే. 3 ఉంది, 5 ఉంది, 4 లేదు.

నాలుగోది, సగమే ఉండటం. గంటన్నర క్లాసుకు వీడియో నిడివి 38 నిమిషాలు చూపిస్తుంది. మిగతాది పోయిందనుకుంటాం. చాలాసార్లు పోదు. జూమ్‌లో రికార్డింగ్‌ని పాజ్ చేసి మళ్లీ కొనసాగిస్తే ఒకే ఫైలు వస్తుంది. స్టాప్ చేసి మళ్లీ మొదలుపెడితే మాత్రం రెండో ఫైలు తయారవుతుంది. క్లాసు మధ్యలో మేడమ్‌కి కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు ఇలాగే జరుగుతుంది. అప్‌లోడ్ చేసే కుర్రాడు మొదటి ఫైలు చూసి పెట్టేసి పోతాడు. రెండోది అక్కడే పడి ఉంటుంది. "అదే మీటింగ్ కింద రెండో ఫైలు ఉందేమో చూడండి" అన్న ఒక్క వాక్యం లేఖలో ఉంటే పని అయిదు నిమిషాల్లో అవుతుంది.

చివరిది, అసలు రికార్డే చేయకపోవడం. దీన్ని తేల్చుకోవడానికి ఆ రోజు క్లాసులో ఉన్న ఇద్దరిని అడగండి. రికార్డింగ్ నడుస్తుంటే జూమ్ తెర పైభాగంలో ఎర్రచుక్కతో `Recording` అని కనిపిస్తుంది, మొదలైనప్పుడు చెబుతుంది కూడా. ఇద్దరూ "లేదు, ఆ రోజు కనబడలేదు" అంటే రికార్డు కాలేదనే అనుకోవాలి. లేని వీడియోకు యాక్సెస్ అడిగితే నెల తిరిగినా రాదు. దానికి బదులు ఏం కావాలో అడగాలి. ఇంకో సంగతి. వేరే టీచర్ వచ్చి చెప్పిన క్లాసయితే రికార్డింగ్ ఆమె సొంత జూమ్ అకౌంటులోనో, ఆమె ల్యాప్‌టాప్‌లోనో ఉండిపోవచ్చు. ఆ రోజు ఎవరు చెప్పారో కూడా కనుక్కోండి.

చిన్న పట్టిక, నాలుగు ఆధారాలు

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని యాప్‌లో ఉన్న క్లాసులను ఒకటి నుంచి లెక్కపెట్టండి. గ్రూపులో వచ్చిన టైంటేబుల్‌తో పోల్చండి. మా అమ్మాయి బ్యాచ్ జూలై 14 సోమవారం మొదలైంది, శని ఆదివారాలు సెలవు. ఆ లెక్కన ఆగస్టు 8 శుక్రవారం నాటిది 20వ క్లాసు. యాప్‌లో 19 తరువాత 21 ఉంది. ఆ రోజు వరలక్ష్మీవ్రతం. ఇంట్లో పూజ అని తాను క్లాసుకు పోలేదు, యాప్‌లో చూస్తే క్లాసు పేరే లేదు. ఇలా మిగిలినవి మూడు తేలాయి. 4వది తీసేసినది, 20వది అసలు జాబితాలోనే లేనిది, 22వది సగమే ఉన్నది.

ఆ తరువాత ఒక పని అందరూ మరిచిపోతారు. రికార్డింగులు ఇస్తామని వాళ్లు నిజంగా చెప్పారా అని చూడండి. కొన్ని కోర్సులు లైవ్ మాత్రమే అని తక్కువ ధరకు అమ్ముతారు. కొన్నింటిలో రికార్డింగ్ క్లాసు తరువాత ఏడు రోజులే ఉంటుందని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మీరు చేరినప్పటి బ్రోషర్, ఫీజు కట్టే పేజీ, కౌన్సెలర్ పంపిన వాట్సాప్ మెసేజ్ తిరగేయండి. మా అమ్మాయికి వాట్సాప్‌లో "అన్ని క్లాసుల రికార్డింగులు 6 నెలలు చూసుకోవచ్చు" అని స్పష్టంగా వచ్చింది. అది దొరికాక నాకు ధైర్యం వచ్చింది. ఫోన్‌లో నోటిమాటగా చెప్పి ఉంటే అంత బలం ఉండదు. అప్పుడు "ఫోన్‌లో ఇలా చెప్పారు, నిర్ధారించండి" అని రాయడం తప్ప దారిలేదు.

ఆధారాలు నాలుగు చాలు. ఫీజు రసీదు, ఆ మాట ఇచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్, 4వ క్లాసు నొక్కితే వచ్చిన తెర, 19 పక్కన 21 కనిపించే జాబితా. స్క్రీన్‌షాట్‌ని అందంగా కత్తిరించకండి. తెరమీద వచ్చిన ఇంగ్లిష్ వాక్యం, లింకు, మీ లాగిన్ ఐడీ మూడూ అందులో కనిపించాలి. ఫోన్ తెరమీద టైం ఉంటుంది గానీ తేదీ ఉండదు, అందుకే తేదీని లేఖలో రాయాలి. రసీదులో యూపీఐ లావాదేవీ నంబరు, 12 అంకెలది, ఉంటే చాలు. బ్యాంకు బ్యాలెన్సు కనబడే తెర పంపకండి, పాస్‌వర్డు, ఓటీపీ ఎవరికీ రాయకండి. వీడియో తీసి పంపాలని కొందరికి ఉబలాటం. జీమెయిల్ 25 ఎంబీ దాటిన దాన్ని అటాచ్‌మెంట్‌గా తీసుకోదు, డ్రైవ్ లింకుగా మారుస్తుంది. ఆ లింకుకు వాళ్లకు అనుమతి ఉండదు, మన రోగమే వాళ్లకు అంటుకుంటుంది.

లేఖ

తెలుగులో చెప్పే కోర్సుకు తెలుగులో రాయవచ్చు, నేను పనిచేసిన చోట చదివేవాళ్లు. కంపెనీ వేరే రాష్ట్రానిదైతే ఇదే వరసలో ఇంగ్లిష్‌లో రాయండి, వరస మాత్రం మార్చకండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. గ్రూపులో మాట నిమిషంలో పైకి పోతుంది, అడ్మిన్ విసుగొస్తే తలుపు మూసేస్తాడు. మెయిల్ సపోర్ట్ అడ్రస్‌కు పోవాలి. వాళ్ల వెబ్‌సైటు అడుగున గ్రీవెన్స్ ఆఫీసర్ పేరుతో ఇంకో మెయిల్ ఉంటే దాన్ని సీసీలో పెట్టండి.

మేమిద్దరం కూర్చుని రాసి ఆగస్టు 20 బుధవారం పంపిన లేఖ ఇది. పేరు, నంబర్లు తీసేశాను.

> విషయం: 4, 20, 22 క్లాసుల రికార్డింగులు లేవు – జూలై 14 బ్యాచ్, సాయంత్రం 7 గంటలు
>
> సపోర్ట్ విభాగానికి నమస్కారం.
>
> నేను మీ ట్యాలీ, జీఎస్టీ కోర్సులో జూలై 14న మొదలైన సాయంత్రం 7 గంటల బ్యాచ్ విద్యార్థిని. ఊరు తిరుపతి. నమోదు చేసుకున్న మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు కింద ఇచ్చాను. ఫీజు రూ.12,000 పూర్తిగా కట్టాను. అన్ని క్లాసుల రికార్డింగులు 6 నెలలు, అంటే జనవరి 13 వరకు చూసుకోవచ్చని చేరేటప్పుడు మీరు వాట్సాప్‌లో తెలిపారు.
>
> ఆగస్టు 20 ఉదయానికి నా అకౌంటులో మూడు క్లాసుల పరిస్థితి ఇది.
>
> 4వ క్లాసు, జూలై 17 గురువారం, లెడ్జర్లు, గ్రూపులు: ఆగస్టు 10న ఈ రికార్డింగ్ చూశాను. ఆగస్టు 18న అదే లింకు నొక్కితే `This recording does not exist` అని వచ్చింది.
>
> 20వ క్లాసు, ఆగస్టు 8 శుక్రవారం, ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్: జాబితాలో 19 తరువాత 21 ఉంది. ఆ రోజు వేరే టీచర్ క్లాసు చెప్పారని, తెరమీద రికార్డింగ్ గుర్తు కనిపించలేదని హాజరైన ఇద్దరు చెప్పారు.
>
> 22వ క్లాసు, ఆగస్టు 12 మంగళవారం, జీఎస్టీఆర్-1: క్లాసు 7 నుంచి 8:30 వరకు జరిగింది. రికార్డింగ్ 38 నిమిషాలే ఉంది. మధ్యలో టీచర్ లైన్ తెగి మళ్లీ కలిసిందని తెలిసింది.
>
> నమోదైన మెయిల్ ఐడీతోనే, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ చూశాను. యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నాను. మిగతా క్లాసులన్నీ తెరుచుకుంటున్నాయి.
>
> దయచేసి ఈ కింది పనులు చేయగలరు.
>
> 4వ క్లాసు తీసివేసి ఉంటే జూమ్ ట్రాష్ నుంచి వెనక్కి తేగలరు. ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది కాబట్టి సెప్టెంబరు 9 లోపు చూడాలని మనవి.
>
> 22వ క్లాసుకు అదే మీటింగ్ కింద రెండో ఫైలు ఉందేమో చూసి జతచేయగలరు.
>
> 20వ క్లాసు రికార్డింగ్ ఆ రోజు చెప్పిన టీచర్ అకౌంటులో గానీ కంప్యూటర్‌లో గానీ ఉందేమో అడగగలరు. రికార్డు కాకపోతే ఆ మాట తెలిపి, ఇదే పాఠం ముందు బ్యాచ్‌ది చూసే అవకాశం ఇవ్వగలరు.
>
> ఆగస్టు 26 మంగళవారం లోపు జవాబు ఇస్తే మేలు. సెప్టెంబరు మొదటి వారంలో మాకు పరీక్ష ఉంది. ఈ మూడు క్లాసులు అందుబాటులోకి వచ్చిన రోజును బట్టి వాటి గడువును అన్ని రోజులు పొడిగించమని కోరుతున్నాను.
>
> జతచేసినవి: ఫీజు రసీదు, వాట్సాప్ మెసేజ్, 4వ క్లాసు తెర, క్లాసుల జాబితా.
>
> ఇట్లు,
> (పేరు, నమోదైన మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు)

ఒక్కో మాట ఎందుకు పెట్టామంటే

విషయం లైనులో "అర్జెంట్", "దయచేసి సహాయం" లేవు. అవి ప్రతి మెయిల్‌లోనూ ఉంటాయి. క్లాసు నంబర్లు, బ్యాచ్ ఉంటే తెరవకముందే ఎవరికి పంపాలో తెలుస్తుంది.

సెప్టెంబరు 9 ఎక్కడిదంటారా? రికార్డింగ్ ఎప్పుడు తీసేశారో మనకు తెలియదు. 10న చూసింది, 18న లేదు. ఆ మధ్యలో ఎప్పుడైనా పోయి ఉండొచ్చు. అన్నిటికన్నా చెడ్డ లెక్క వేసుకోవాలి, అంటే 10వ తేదీనే పోయిందని. అక్కడి నుంచి 30 రోజులు. మీ విషయంలో చివరిసారి ఎప్పుడు చూశారో గుర్తులేకపోతే యూట్యూబ్ హిస్టరీలాగా యాప్‌లో "చివరిగా చూసినది" ఉందేమో చూడండి. అదీ లేకపోతే తేదీ ఊహించి రాయకండి, "ట్రాష్ గడువు ముగియకముందే" అనండి చాలు.

యాప్ తీసేసి మళ్లీ వేసుకున్నానన్న వాక్యం మాటవరసకు పెట్టింది కాదు. వాళ్ల మొదటి అతికింపు జవాబు అదే. ముందే చెప్పేస్తే ఒక రోజు మిగులుతుంది. అయితే నిజంగా చేసి రాయండి. కొన్ని చోట్ల లాగిన్ అయిన వివరాలు వాళ్లకు కనిపిస్తాయి.

జవాబు తేదీ 26 అని పెట్టడానికి కారణం వినాయకచవితి. ఆ ఏడు అది 27న వచ్చింది. పండగ రోజు, ఆదివారం గడువు పెడితే అది గడువు కాదు.

మా అమ్మాయి మొదటి చిత్తులో ఇవేవీ లేవు. 12వ తేదీ క్లాసు ఎందుకు పోయిందో మాత్రం అర పేజీ ఉంది. తమ్ముడు సైకిల్ మీంచి పడితే పుత్తూరు కట్టుకు తీసుకుపోవడం, వచ్చేసరికి రాత్రి కావడం, అన్నీ. "ఇదంతా వాళ్లకెందుకు పాపా?" అంటే "నేను సోమరితనంతో ఎగ్గొట్టలేదని తెలియాల కదక్కా" అంది. నాకు నవ్వొచ్చింది, కొంచెం బాధ కూడా. రికార్డింగ్ కొనుక్కున్న వస్తువు. క్లాసుకు ఎందుకు రాలేదో చెప్పుకోనక్కర్లేదు. ఆ అర పేజీ కింద అసలు సంగతి మునిగిపోతుంది.

వినియోగదారుల కోర్టు, సోషల్ మీడియా అనే మాటలు కూడా మొదటి లేఖలో వద్దు. అవి కనిపిస్తే నేను పనిచేసిన చోట మెయిల్‌ని లీగల్ వాళ్లకు పంపేవాళ్లం. రికార్డింగ్ వెనక్కి తెచ్చే కుర్రాడి చేతిలోంచి అది జారిపోయేది. స్నేహితురాలి లాగిన్‌తో చూస్తున్నాననో, ఆమె స్క్రీన్ రికార్డు చేసి పంపిందనో కూడా రాయకండి. చాలా కోర్సుల నిబంధనల్లో అది ఇద్దరి అకౌంట్లూ ఆపేయడానికి కారణమవుతుంది. డౌన్‌లోడ్ ఫైలు కూడా అడగకండి. ఇస్తామన్నది చూసే హక్కే అయితే అదే అడగాలి.

పంపిన తరువాత

టికెట్ నంబరుతో ఆటో జవాబు వస్తుంది. దాన్ని దాచుకోండి. ఆ తరువాత ఏం రాసినా అదే మెయిల్‌కి రిప్లై ఇవ్వండి. కొత్త మెయిల్ పెడితే కొత్త టికెట్ అవుతుంది. వైకుంఠం కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాడు మధ్యలో బయటికొచ్చి మళ్లీ వరస చివర నిలబడినట్టే.

మా లేఖకు రెండో రోజు జవాబు వచ్చింది. 4వ క్లాసు దొరికింది. ఆ రోజు టీచర్ ముందుగా పెట్టిన ట్రయల్ మీటింగ్ రికార్డింగ్ ఒకటుంటే దాన్ని తీసేయబోయి దీన్ని తీసేశారట. 22వ క్లాసు రెండో ఫైలు 51 నిమిషాలు, అక్కడే ఉంది. 20వ క్లాసు గురించి మాత్రం "పరిశీలిస్తున్నాం" అన్నారు. ఆ మాట వచ్చినప్పుడు జాగ్రత్త. చాలాచోట్ల సిస్టమ్‌లో జవాబు వెళ్లిన టికెట్ కొన్ని రోజులకు దానంతటదే మూసుకుపోతుంది. అదే రోజు రిప్లై ఇప్పించాను: "4, 22 అందాయి, కృతజ్ఞతలు. 20వ క్లాసు ఇంకా పెండింగ్‌లో ఉంది. ఏ తేదీలోపు తెలుపుతారు?" అందినవి అందాయని రాయడం మర్యాదే కాదు, మిగిలింది ఏదో రికార్డులో ఉండేందుకు కూడా.

వచ్చిన వీడియోను తెరిచి చూసి గానీ అందిందని రాయకండి. ఒకసారి శబ్దం ఉండదు, ఒకసారి వేరే బ్యాచ్ వీడియో అదే పేరుతో ఉంటుంది. మొదట, మధ్యలో, చివర తలా రెండు నిమిషాలు చూస్తే తెలిసిపోతుంది.

జవాబే రాకపోతే ఏం చేయాలన్నది చట్టంలో ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలకు 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. సీసీలో ఆ మెయిల్ పెట్టమన్నది ఇందుకే, ఆ రోజు నుంచే లెక్క మొదలవుతుంది. మీరు పెట్టిన తేదీ దాటాక అదే మెయిల్‌కు రెండు వాక్యాల రిమైండర్ పంపండి, ఈసారి గ్రీవెన్స్ ఆఫీసర్‌ను "టు"లో పెట్టి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. `consumerhelpline.gov.in`లోనూ నమోదు చేయవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు. ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. మీరు చేసిన పట్టిక, టికెట్ నంబరు అక్కడా అడుగుతారు.

ఇంకా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఏ ఊరిదైనా మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో `e-jagriti.gov.in` ద్వారా కూడా. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. కమిషన్ డబ్బు ఇప్పించగలదు, 30 రోజులు దాటి ట్రాష్‌లోంచి పోయిన క్లాసును తెప్పించలేదు.

20వ క్లాసు విషయం 28న తేలింది. ఆ రోజు వచ్చిన టీచర్ రికార్డు బటన్ నొక్కలేదు. ముందు బ్యాచ్ వీడియోకు యాక్సెస్ ఇచ్చారు, మూడింటి గడువూ జనవరి 23కు పెంచారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పై పోర్షన్‌లోంచి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ పాఠం ఒకటిన్నర స్పీడులో వినపడింది. సాయంత్రం ఆ అమ్మాయి మెట్ల మీంచే అరిచింది: "అక్కా, ఈ టీచరే బాగా చెప్తా ఉంది. మిగతా క్లాసులు కూడా ఆ బ్యాచ్‌వే అడగొచ్చా?"